ఫ్లూ మందుకు 48 గంటల గడువు: ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు

ఫ్లూ జ్వరానికి ఇచ్చే ఒసెల్టామివిర్ మాత్ర గురించి వైద్యులకూ, మందుల షాపుల వారికీ, ఆరోగ్య విషయాలు చదివే మామూలు పాఠకులకూ ఒక అంకె బాగా గుర్తుంటుంది. అది 48 గంటలు. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు వేసుకుంటేనే మాత్ర పనిచేస్తుందని, ఆ తర్వాత వేసుకున్నా దండగేనని చాలామంది నమ్మకం. ఈ అంకె ఊరికే పుట్టింది కాదు. కానీ దాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేస్తే రెండు వైపులా నష్టం జరుగుతుంది. ఇంకా రెండు రోజుల సమయం ఉంది కదా అని పరీక్ష ఫలితం కోసం ఆగితే, అందరికంటే ముందు మందు పడవలసిన గర్భిణి అతి విలువైన మొదటి రోజును పోగొట్టుకుంటుంది. నాలుగో రోజున ఆయాసంతో ఆసుపత్రికి వచ్చిన మనిషికి గడువు దాటిందని మందు మానేస్తే, అతనికి మిగిలిన కొద్దిపాటి అవకాశం కూడా పోతుంది.

ఈ గడువు ఎక్కడ నుంచి వచ్చిందో తెలిస్తే దాన్ని ఎక్కడ పాటించాలో, ఎక్కడ పక్కన పెట్టాలో తెలుస్తుంది. ముందుగా వైరస్ సంగతి చూద్దాం.

ఫ్లూ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు కనిపించడానికి సాధారణంగా రెండు రోజులు పడుతుంది. ఒక రోజు తేడాతోనూ, నాలుగు రోజుల తర్వాతా బయటపడిన సందర్భాలు ఉంటాయి. జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే ముక్కు, గొంతు నుంచి వైరస్ బయటికి వస్తూ ఉంటుంది. జబ్బు మొదలైన రెండు మూడు రోజుల్లో దాని సంఖ్య గరిష్ఠానికి చేరి, ఆరోగ్యవంతులలో ఐదు నుంచి ఏడు రోజులకు దాదాపు తగ్గిపోతుంది. శ్వాసనాళం లోపలి కణంలోకి ఒక వైరస్ దూరితే కొన్ని గంటల్లోనే కొత్త వైరస్‌లు తయారై బయటికి రావడానికి సిద్ధమవుతాయి. అయితే అవి కణం పైపొరకు అతుక్కుని ఉంటాయి. ఆ అతుకును కోసి వాటిని వదిలించేది న్యూరామినిడేజ్ అనే ఎంజైము. ఒసెల్టామివిర్ ఈ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో కొత్త వైరస్‌లు పక్క కణాలకు చేరలేవు.

అంటే ఈ మందు చేసేది ఒకే ఒక్క పని, వ్యాప్తిని ఆపడం. అప్పటికే వైరస్ సోకిన కణాన్ని అది కాపాడలేదు, ఊపిరితిత్తిలో వచ్చిన వాపును తగ్గించలేదు. గడ్డివాముకు నిప్పంటుకున్న తొలి నిమిషాల్లో రెండు బిందెల నీళ్లు చాలు, సగం కాలాక అవే రెండు బిందెలు ఏం చేయగలవు? వైరస్ దానంతట అదే తగ్గిపోతున్న నాలుగో రోజున, ఆరోగ్యవంతుడైన యువకుడిలో ఈ మందు ఆపవలసిన వ్యాప్తి పెద్దగా మిగిలి ఉండదు. మాత్ర వల్ల అప్పుడు మేలు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇక 48 గంటల మాటకు వద్దాం. 1990ల చివరలో ఈ మందుపై పెద్ద పరీక్షలు జరిగినప్పుడు, లక్షణాలు మొదలై కొన్నింటిలో 36 గంటలు, కొన్నింటిలో 48 గంటలు దాటని వారినే చేర్చుకున్నారు. వైరస్ ఎక్కువగా ఉన్న దశలోనే మందు ప్రభావం స్పష్టంగా కనిపిస్తుందన్నది వారి ఆలోచన. చేరినవారిలో ఎక్కువమంది అంతకుముందు ఏ జబ్బూ లేనివారు. అనుమతి పత్రంలో అదే గడువు చేరింది. మూడో రోజు మందు మొదలుపెడితే ఏమవుతుందో ఆ పరీక్షలు చూడనే లేదు. చూడని దాన్ని పనిచేయనిదిగా లెక్కగట్టడం తర్వాత మనం చేసుకున్న అలవాటు.

ఆ 48 గంటల లోపల కూడా అన్ని గంటలూ సమానం కావు. 2003లో వెలువడిన ఇంపాక్ట్ అనే అధ్యయనంలో, జ్వరం మొదలైన 12 గంటల లోపు మందు వేసుకున్నవారి జబ్బు, 48 గంటలకు వేసుకున్నవారి జబ్బు కంటే సుమారు మూడు రోజులు ముందుగా తగ్గింది. అందులో మందు లేని డమ్మీ మాత్రతో పోలిక లేదు కాబట్టి ఈ అంకెను కొంత జాగ్రత్తగా తీసుకోవాలి. డమ్మీ మాత్రతో పోల్చిన పరీక్షలన్నిటినీ కలిపి చూస్తే, ఆరోగ్యవంతులైన పెద్దలలో లాభం ఒక రోజుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఐదు రోజుల ఫ్లూ నాలుగు రోజుల్లో తగ్గుతుందన్నమాట. వికారం, వాంతులు కొందరికి అదనంగా వస్తాయి. కాబట్టి ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుడు ఈ మాత్ర వేసుకోకుండా పారాసెటమాల్, విశ్రాంతి, మంచినీళ్లతో గడిపేసినా అతనికి కలిగే నష్టం స్వల్పం. ఇంతవరకూ వివాదం పెద్దగా లేదు.

జ్వరం కాదు, దాని తర్వాత వచ్చేది

ఫ్లూ ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా మూడు దారుల్లో. మొదటిది, వైరస్ గొంతు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల లోపలికి దిగడం. ఇది వేగంగా ముదురుతుంది. జ్వరం వచ్చిన మూడో రోజో, నాలుగో రోజో ఆయాసం మొదలై, కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ అవసరమయ్యే స్థితి రావచ్చు.

రెండో దారి దీనికి భిన్నంగా కనిపిస్తుంది. జ్వరం తగ్గుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. అంతలో ఐదో రోజుకో, వారానికో చలితో జ్వరం మళ్లీ వస్తుంది, కఫం పసుపుగానో తుప్పు రంగులోనో పడుతుంది, ఊపిరి పీల్చితే పక్కలో పొడిచినట్లు నొప్పి వస్తుంది. వైరస్ దెబ్బతీసిన శ్వాసనాళంలో న్యుమోకాకస్, స్టాఫిలోకాకస్ వంటి బాక్టీరియా పాగా వేసిందని దీనర్థం. 1918 నాటి మహమ్మారిలో మరణించినవారిలో ఎక్కువమందిని బలిగొన్నది ఈ రెండో దాడేనని భద్రపరచిన ఊపిరితిత్తుల నమూనాలను తర్వాత పరిశీలించిన పరిశోధకులు తేల్చారు. తగ్గిన జ్వరం తిరగబెట్టడం ఇంట్లోనే గుర్తుపట్టగలిగే సంకేతం. యాంటీబయాటిక్ నిజంగా కావలసింది ఇక్కడే. మొదటి రోజున ముందుజాగ్రత్తగా వేసుకున్న యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదు.

మూడోది, అప్పటికే ఉన్న జబ్బు ఎదురుతిరగడం. ఆస్తమా ఉన్నవారికి అది ముదురుతుంది, మధుమేహం ఉన్నవారికి చక్కెర అదుపు తప్పుతుంది, బలహీనమైన గుండె మరింత నీరసిస్తుంది. కెనడాలోని ఒంటారియోలో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే అవకాశం మామూలు రోజులకంటే దాదాపు ఆరు రెట్లు ఉన్నట్లు తేలింది. ఇలాంటి మరణాలు కుటుంబం గుర్తులో గుండెపోటుగానే మిగిలిపోతాయి. వారం కిందటి జ్వరాన్ని దానితో ఎవరూ ముడిపెట్టరు.

ఎవరికి ప్రమాదం ఎక్కువన్నది ఈ మూడు దారుల నుంచే వస్తుంది. అరవై అయిదు దాటినవారు, అయిదేళ్ల లోపు పిల్లలు, వారిలోనూ రెండేళ్ల లోపువారు, గర్భిణులు, కాన్పయి రెండు వారాలు దాటనివారు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు ఉన్నవారు, మధుమేహులు, మూర్ఛ, పక్షవాతం వంటి నరాల సమస్యలు ఉన్నవారు, క్యాన్సర్ చికిత్సలోనో, హెచ్ఐవీతోనో, దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడకంతోనో రోగనిరోధక శక్తి తగ్గినవారు, విపరీతమైన స్థూలకాయం ఉన్నవారు ఈ జాబితాలోకి వస్తారు. వృద్ధుల విషయంలో ఒక చిక్కు ఉంది. వారిలో కొందరికి జ్వరమే రాదు. ఉన్నట్టుండి తిండి మానేయడం, మాట తడబడటం, లేవలేకపోవడం మాత్రమే కనిపిస్తాయి. అలాంటప్పుడు గంటలు ఎక్కడ నుంచి లెక్కపెట్టాలో ఎవరికీ తెలియదు. గడువు మీద ఆధారపడి నిర్ణయం తీసుకోవడం ఎంత బలహీనమైన పద్ధతో అక్కడే తెలుస్తుంది.

గర్భిణుల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే వీరు జబ్బుమనుషులు కారు. పాతికేళ్ల ఆరోగ్యవంతురాలికి ఇంత ప్రమాదం ఎందుకు? పెరుగుతున్న గర్భం కింద నుంచి ఊపిరితిత్తులను పైకి నెడుతుంది. ఆక్సిజన్ అవసరం మాత్రం పెరుగుతుంది. గుండె అప్పటికే ఎక్కువ పని చేస్తూ ఉంటుంది. రోగనిరోధక వ్యవస్థ తీరు కూడా మారుతుంది. చిన్న న్యుమోనియాను తట్టుకునే వెసులుబాటు ఆ శరీరంలో తక్కువ. 2009లో హెచ్1ఎన్1 వ్యాపించినప్పుడు అమెరికాలో సేకరించిన 788 మంది గర్భిణుల వివరాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. వారిలో 30 మంది చనిపోయారు. లక్షణాలు మొదలైన రెండు రోజుల్లోపు మందు అందినవారిలో పదిమందిలో ఒకరికి లోపే ఐసీయూ అవసరమైంది. నాలుగు రోజులు దాటాక అందినవారిలో సగానికి పైగా ఐసీయూకు వెళ్లారు.

గంటలు ఎలా జారిపోతాయి

ఆగస్టు నెలలో మన పట్టణాల్లో ఏదైనా ఒక ఇల్లు ఊహించుకుందాం. ఏడో నెల గర్భిణి. సోమవారం రాత్రి తొమ్మిదింటికి చలి, ఒళ్లు నొప్పులు, 102 డిగ్రీల జ్వరం, పొడి దగ్గు మొదలయ్యాయి. లెక్క ఇక్కడ నుంచి మొదలవుతుంది, ఆసుపత్రి చీటీ మీద ఉన్న తేదీ నుంచి కాదు.

మంగళవారం పారాసెటమాల్‌తో గడిచిపోతుంది. బుధవారం ఉదయం క్లినిక్‌కు వెళ్తారు. వానాకాలం కాబట్టి డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు, ప్లేట్‌లెట్లు చూస్తారు. ఇవి అనవసరమైనవి కావు. ఆ రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో డెంగీ నిజంగానే ఎక్కువ. కానీ మన దేశంలో ఫ్లూ చలికాలం చివర ఒకసారి, వానాకాలంలో మరోసారి పెరుగుతుందన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. దగ్గు, గొంతునొప్పితో వచ్చిన జ్వరం డెంగీ కంటే ఫ్లూ వైపే ఎక్కువ మొగ్గు చూపుతుంది. సాయంత్రానికి ప్లేట్‌లెట్లు బాగున్నాయని తెలిసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. యాంటీబయాటిక్ ఒకటి రాసి పంపుతారు. అప్పటికి సుమారు 45 గంటలు. గురువారం రాత్రి మెట్లెక్కితే ఆయాసం. శుక్రవారం తెల్లవారుజామున వేలికి పెట్టిన ఆక్సిమీటరులో 91 కనిపిస్తుంది. 80 గంటలు దాటాయి.

ఇప్పుడు ఇదే కథలో రెండు చోట్ల నిర్ణయం మార్చి చూడండి. మొదటిది బుధవారం ఉదయం. అప్పటికి 36 గంటలే అయింది. "జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందమ్మా? దగ్గు ఉందా?" అని అడిగిన వైద్యుడు, డెంగీ పరీక్షకు రక్తం పంపుతూనే అక్కడికక్కడే ఒసెల్టామివిర్ మొదలుపెట్టవచ్చు. కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెప్పేదీ అదే. మామూలు ఫ్లూ లక్షణాలే ఉన్న ఆరోగ్యవంతులను ఎ వర్గంగా చూసి, మందు లేకుండా గమనించమంటారు. అవే లక్షణాలు గర్భిణికో, వృద్ధులకో, దీర్ఘరోగికో వస్తే బి వర్గంలో రెండో రకం. వారికి పరీక్ష లేకుండానే మందు ఇవ్వాలి. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, కఫంలో రక్తపు జీర, గోళ్లు నీలబడటం ఉంటే సి వర్గం. వెంటనే ఆసుపత్రిలో చేర్చి, పరీక్ష చేయించి, ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలి.

రెండో చోటు శుక్రవారం తెల్లవారుజాము. గడువు దాటిందనే మాట వినిపించేది ఇక్కడే, దాన్ని లెక్కచేయకూడనిదీ ఇక్కడే. ఆరోగ్యవంతుడిలో నాలుగో రోజుకు వైరస్ తగ్గుముఖం పడుతుందని చెప్పుకున్నాం. ఈమెలో అలా జరగలేదు. ఊపిరితిత్తుల్లోకి దిగిన వైరస్ అక్కడ వారానికి పైగా పెరుగుతూ ఉండవచ్చు. ఆపవలసిన వ్యాప్తి ఇంకా ఉంది కాబట్టి మందుకు పనీ ఉంది. 2014లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణ 2009 నుంచి ఆసుపత్రుల్లో చేరిన 29 వేలమందికి పైగా రోగుల వివరాలను కలిపి చూసింది. రెండు రోజుల్లోపు మందు అందినవారిలో మరణ ప్రమాదం, ఆలస్యంగా అందినవారితో పోలిస్తే సుమారు సగం. ఆ తర్వాత అయిదో రోజు వరకూ ఆలస్యమైన ఒక్కో రోజుకూ ప్రమాదం అయిదో వంతుకు పైగా పెరుగుతూ పోయింది. అంటే మెట్లు మెట్లుగా తగ్గే లాభమే కానీ, 49వ గంటకు మూసుకుపోయే తలుపు కాదు.

ఈ విశ్లేషణకు మందు తయారీదారైన రోష్ కంపెనీ నిధులు ఇచ్చింది. పైగా ఇది చీటీ వేసి రోగులను రెండు గుంపులుగా విడగొట్టి చేసిన పరీక్ష కాదు. త్వరగా మందు అందినవారికి మిగతా వైద్యం కూడా త్వరగానే అంది ఉండవచ్చు. పిల్లల్లో ఇదే లాభం స్పష్టంగా కనిపించలేదు. ఆసుపత్రి బయట ఉన్న రోగుల్లో ఒసెల్టామివిర్ వల్ల ఆసుపత్రి చేరికలు తగ్గుతాయా అన్న ప్రశ్నపైనా పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శకాల్లో తీవ్రమైన ఫ్లూకు ఒసెల్టామివిర్‌ను సూచించింది కానీ, తీవ్రం కాని ఫ్లూకు దాన్ని సూచించలేదు. ముదిరే ప్రమాదం బాగా ఎక్కువ ఉన్నవారికి తొలిదశలో బలోక్సావిర్ అనే ఒక్క మోతాదు మందును ఎంచుకుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం, మన ఆరోగ్య శాఖ మాత్రం ప్రమాదం ఎక్కువ ఉన్నవారందరికీ ఒసెల్టామివిర్‌ను సూచిస్తున్నాయి. బలోక్సావిర్ గర్భిణులకు ఇవ్వదగినదని చెప్పడానికి తగిన సమాచారం లేదు.

ఈ భేదాభిప్రాయం మధ్య నేను ఒక పక్కన నిలబడతాను. గర్భిణికి అయిదు రోజులు ఒసెల్టామివిర్ ఇస్తే జరిగే చెడు చాలావరకు వికారం, ఒకటి రెండు వాంతులు. ఇవ్వకపోతే జరగగల చెడు రెండు ప్రాణాలకు సంబంధించింది. ఆధారం సంపూర్ణంగా లేనప్పుడు ఏ వైపు పొరపాటు తక్కువ ఖరీదైనదో చూడాలి. ఐరోపాలోని 15 దేశాల ప్రాథమిక వైద్య కేంద్రాల్లో మూడు వేలమందికి పైగా రోగులపై జరిగి, 2020లో ఫలితాలు వచ్చిన పరీక్ష కూడా ఇటే మొగ్గింది. సగటున కోలుకునే సమయం ఒక రోజే తగ్గింది. కానీ వయసు పైబడి, ఇతర జబ్బులుండి, ఎక్కువ నలతగా ఉన్నవారిలో రెండు మూడు రోజులు తగ్గింది. వారిలో రెండు రోజులు దాటి మూడో రోజున వచ్చినవారూ ఉన్నారు.

పరీక్ష, మోతాదు, మందు దొరకడం

నిమిషాల్లో ఫలితం చెప్పే ర్యాపిడ్ పరీక్షలు నిజంగా ఫ్లూ ఉన్నవారిలో చాలామందిని పట్టుకోలేవు. పాజిటివ్ వస్తే నమ్మవచ్చు. నెగెటివ్ వచ్చినంత మాత్రాన, ఊళ్లో ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో, ప్రమాదం ఎక్కువ ఉన్న మనిషికి మందు ఆపకూడదు. పీసీఆర్ నమ్మదగిన పరీక్షే, కానీ చిన్న పట్టణాల నుంచి నమూనా వెళ్లి ఫలితం తిరిగి రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఇంకో సంగతి, వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగిపోయాక గొంతు నమూనాలో దొరక్కపోవచ్చు. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి లోపలి నుంచి తీసిన నమూనాలో పాజిటివ్ వచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

పెద్దలకు మోతాదు 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, అయిదు రోజులు. గర్భిణులకూ ఇంతే. పిల్లలకు బరువును బట్టి సిరప్‌గా ఇస్తారు. మందు మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. క్రియాటినిన్ ఎంతుందో వైద్యుడికి ముందే చెప్పడం అవసరం. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. రెండో రోజుకే జ్వరం పోయిందని మాత్రలు ఆపేయకూడదు. ఫ్లూ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు, మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే అరుదైన రేస్ సిండ్రోమ్ రావచ్చు. జ్వరం త్వరగా దిగాలని వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి గట్టిగా చెప్పాలి. అది జ్వరాన్ని అణచి బాగున్నట్లు భ్రమ కలిగిస్తుంది. వైరస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఫ్లూతో ఆసుపత్రిలో చేరినవారిలో స్టెరాయిడ్లు వాడినప్పుడు మరణాలు ఎక్కువగా కనిపించాయని పలు పరిశీలనలు చెబుతున్నాయి. ఆస్తమా వంటి వేరే కారణానికి అవసరమైతే అది వేరే లెక్క.

మందు సమయానికి అందడంలో చట్టానికీ పాత్ర ఉంది. మన బిరియానీలో వేసే అనాసపువ్వు నుంచి తీసే షికిమిక్ ఆమ్లంతో మొదలుపెట్టి ఈ మందును తయారుచేస్తూ వచ్చారు. హైదరాబాద్‌లోని హెటెరో సంస్థ రోష్ నుంచి అనుమతి పొంది ఇక్కడే దీన్ని ఉత్పత్తి చేసింది. అయినా చాలా ఏళ్లు ఇది షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే కఠినమైన ప్రత్యేక అనుమతి ఉన్న షాపులే అమ్మగల మందుల జాబితాలో ఉండిపోయింది. చీటీ చేతిలో ఉన్నా జిల్లా కేంద్రానికి వెళ్లవలసి వచ్చేది. 2017లో కేంద్రం దీన్ని షెడ్యూల్ హెచ్1లోకి మార్చాక, వైద్యుడి చీటీ ఉంటే మామూలు మందుల షాపులోనే అమ్మే వీలు కలిగింది. ఫ్లూ రోజుల్లో ప్రతి షాపులో నిల్వ ఉంటుందని మాత్రం అనుకోవద్దు. చీటీ రాసిన చోటే, దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో కూడా అడగండి. మొదటి మాత్ర ఆ పూటే పడాలి.

మందు మొదలయ్యాక కూడా గమనిస్తూ ఉండాలి. మూడు రోజులైనా జ్వరం దిగకపోయినా, దిగి తిరగబెట్టినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, పసిబిడ్డ పాలు తాగకపోయినా, డొక్కలు ఎగరేసినా, గర్భంలో బిడ్డ కదలిక తగ్గినట్లు అనిపించినా మాత్రలు ఇంకా మిగిలి ఉన్నాయని ఇంట్లో ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, జ్వరం మొదలైన రోజు, పూట, మొదటి మాత్ర వేసుకున్న గంట వైద్యుడికి చెప్పండి.